ఒక ముఖం, రెండు చట్రాలు: 35×45 ఫోటో 200×230 ఫారంలో ఎందుకు ఒదగదు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం లాంటి ఊళ్లలో తెలుగు ఇళ్ల పిల్లలు ఉద్యోగాలకు అప్లై చేసేటప్పుడు చాలామంది దగ్గర ఉండేది ఒకే ఒక్క ఫోటో. స్టూడియోలో దిగినప్పుడు నాలుగు బై ఆరు కాగితం మీద ఎనిమిది పాస్‌పోర్టు సైజు కాపీలు ఇస్తారు. వాటితోపాటు సాఫ్ట్ కాపీ కూడా ఫోన్‌కి పంపుతారు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగానికైనా, గ్రామీణ బ్యాంకు పరీక్షకైనా, సరిహద్దు దాటి శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కాలేజీ అడ్మిషన్‌కైనా ఆ ఫోటోనే వాడాలని చూస్తారు. ఫోటో ఒక్కటే అయినా ఫారాలు అడిగేది ఒక్కటి కాదు. ఒకటి సెంటీమీటర్లలో అడుగుతుంది, మరొకటి పిక్సెళ్లలో. ఫైలు బరువు ఇన్ని కేబీల నుంచి ఇన్ని కేబీల లోపు ఉండాలని రెండూ అడుగుతాయి. ఈ మూడింటినీ కలిపి "సైజు" అనే ఒక్క మాటతో పిలవడం వల్లే సగం తిప్పలు వస్తున్నాయి.

ఇవి మూడు వేరువేరు సంగతులు. మొదటిది చట్రం ఆకారం, అంటే వెడల్పుకీ ఎత్తుకీ ఉన్న నిష్పత్తి. రెండోది ఆ చట్రంలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయన్నది. మూడోది సేవ్ చేశాక ఫైలు బరువు. నిష్పత్తి క్రాప్ చేసేటప్పుడు తేలాలి, పిక్సెళ్లు ఆ తర్వాత రీసైజులో తేలాలి, కేబీలు చిట్టచివర జేపెగ్ నాణ్యతతో తేలాలి. ఈ వరుస తప్పితే ఫోటో ఎక్కడో ఒకచోట పాడవుతుంది. అన్నిటికంటే ఎక్కువ పాడయ్యేది నిష్పత్తి దగ్గరే. అక్కడి తప్పును వెబ్‌సైటు పట్టుకోదు కాబట్టి దాని గురించే ఎక్కువగా చెప్పుకోవాలి.

పాస్‌పోర్టు సైజు అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు. రెంటినీ అయిదుతో భాగిస్తే 7:9. స్టూడియో దాన్ని అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున, అంటే 300 డీపీఐలో తయారుచేస్తే 413×531 పిక్సెళ్లు వస్తాయి. ఇది కూడా కచ్చితంగా 7:9 నిష్పత్తే. ఏడుని 59తో గుణిస్తే 413, తొమ్మిదిని 59తో గుణిస్తే 531. ఇక బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు నడిపే ఐబీపీఎస్ నోటిఫికేషన్లు ఏళ్లుగా ఫోటోకి చెబుతున్న కొలత 200×230 పిక్సెళ్లు, బరువు 20 నుంచి 50 కేబీలు. 200కీ 230కీ ఉన్న నిష్పత్తి 20:23. మొదటి చట్రంలో వెడల్పు ఎత్తులో 78 శాతం. రెండోదాంట్లో 87 శాతం. అంటే బ్యాంకు చట్రం స్టూడియో చట్రం కంటే పొట్టిది, వెడల్పైనది. రెండూ నిలువు ఫోటోలే కావడంతో కంటికి ఒకేలా కనిపిస్తాయి గానీ ఒకటి రెండోదాంట్లో ఒదగదు.

ఒదగనిదాన్ని ఒదిగించబోతే ఏమవుతుందో పెయింట్ ప్రోగ్రామ్‌లో చూడొచ్చు. 413×531 ఫోటో తెరిచి, Resize నొక్కి, Pixels ఎంచుకుని వెడల్పు గడిలో 200 కొడితే ఎత్తు గడిలో దానంతట అదే 257 పడుతుంది. ఎందుకంటే Maintain aspect ratio అన్న గడిలో టిక్కు ఉంటుంది. ఫారం అడిగింది 230. ఇక్కడే చాలామంది ఆ టిక్కు తీసేసి 257ని చెరిపి 230 కొడతారు. ఫోటో కుదిరినట్టే ఉంటుంది, అప్‌లోడ్ కూడా అవుతుంది. కానీ 257 గీతల, అంటే 257 పిక్సెళ్ల ఎత్తున్న మనిషిని 230 గీతల్లోకి నొక్కేశారు. వెడల్పు అలాగే ఉండి ఎత్తు తగ్గింది కాబట్టి ముఖం ఉన్నదానికంటే దాదాపు 12 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. బుగ్గలు ఉబ్బినట్టు, మెడ కురచైనట్టు, నుదురు దిగినట్టు ఉంటుంది. "ఏటన్నా, ఇంత లావుగా వచ్చాను?" అని అడిగితే నెట్ సెంటర్‌లో "చిన్న ఫోటో కదమ్మా, అలాగే కనపడతాది" అంటారు. చిన్నదవడం వల్ల ఎవరూ లావెక్కరు. నిష్పత్తి మారడం వల్లే ఆ తేడా వస్తుంది.

ఇది అందానికి సంబంధించిన విషయం మాత్రమే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. ఫారంలో పెట్టిన ఫోటోయే అడ్మిట్ కార్డు మీద అచ్చవుతుంది. పరీక్ష హాల్లో ఆ ముఖాన్నీ ఎదురుగా నిలబడ్డ ముఖాన్నీ, ఆధార్ మీది ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. వెబ్‌సైటు చూసేది సాధారణంగా ఫైలు రకాన్నీ పిక్సెళ్లనూ కేబీలనూ. మనిషిని సాగదీశారా నొక్కేశారా అన్నది దానికి తెలియదు. తప్పు పట్టుకునేది చివర్లో మనిషే, అదీ సరిదిద్దుకునే వీలు లేని రోజున.

నొక్కేశారో లేదో తేల్చుకోవడానికి ఒక లెక్క ఉంది. అసలు ఫోటోలో ఒక చెవి బయటి అంచు నుంచి రెండో చెవి బయటి అంచు దాకా ఎన్ని పిక్సెళ్లో, నడినెత్తి నుంచి గడ్డం దాకా ఎన్ని పిక్సెళ్లో కొలవాలి. పెయింట్‌లో బాణం గుర్తును ఎక్కడ పెడితే అక్కడి అంకెలు కింద కనిపిస్తాయి, కాబట్టి కొలవడం కష్టం కాదు. వెడల్పు 1100, ఎత్తు 1500 అనుకుంటే మొదటిదాన్ని రెండోదాంతో భాగిస్తే 0.73. తయారైన చిన్న ఫోటోలో కూడా అలాగే కొలిచి భాగిస్తే మళ్లీ 0.73 చుట్టుపక్కలే రావాలి. పైన చెప్పినట్టు నొక్కేసిన ఫోటోలో 0.82 వస్తుంది. చిన్న ఫోటోలో ఒకటి రెండు పిక్సెళ్లు అటూ ఇటూ కొలిచినా ఇంత తేడా రాదు.

మరి చేతిలో స్టూడియో ఫోటో ఒక్కటే ఉంటే ఏం చేయాలి? నొక్కకూడదు, కోయాలి. వెడల్పు 413ని అలాగే ఉంచి దానికి 20:23 ప్రకారం ఎంత ఎత్తు కావాలో చూస్తే 413ని 23తో గుణించి 20తో భాగించాలి. 475 వస్తుంది. 531లోంచి 56 గీతలు పోవాలి. అవి కింద ఛాతీ వైపు నుంచి పోవాలి గానీ పైనుంచి కాదు. పైనున్న కొద్దిపాటి ఖాళీ తల పూర్తిగా చట్రంలో ఉందని చూపేది. అది పోతే జుట్టు అంచుకి తగులుతుంది. ఆ ఫోటోలో తల ఎత్తు 320 గీతలు ఉంటే, ముందు చట్రంలో 60 శాతం ఉన్నది కోశాక 67 శాతం అవుతుంది. బాగానే ఉంది. అప్పుడు 413×475ని టిక్కు తీయకుండా 200కి తగ్గిస్తే ఎత్తు దానంతట అదే 230 పడుతుంది. ఆ గడిలో 230 దానంతట అదే కనిపించిందంటే క్రాప్ సరైందన్నమాట. చేత్తో కొట్టాల్సి వచ్చిందంటే తప్పిందన్నమాట.

కోయడానికి చోటు లేని ఫోటోలు కూడా ఉంటాయి. పాస్‌పోర్టు కోసం అంటూ ముఖాన్ని చట్రం నిండా తీసిన ఫోటోలో తల 531 గీతల్లో 425 దాకా ఆక్రమిస్తుంది. కిందినుంచి 56 కోస్తే మెడ దగ్గరే చట్రం ముగుస్తుంది, తల 89 శాతం అవుతుంది. అలాంటప్పుడు పక్కలకి తెల్ల రంగు అతికించి వెడల్పు పెంచే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది. 531 ఎత్తుకి 462 వెడల్పు కావాలి, అంటే అటూ ఇటూ కలిపి 49 గీతల తెలుపు. కానీ పాస్‌పోర్టు ఫోటోలో భుజాలు చట్రం అంచుని తాకుతూ ఉంటాయి. అంచు దాటి తెలుపు అతికిస్తే భుజాలు కత్తితో నిలువునా కోసినట్టు కనిపిస్తాయి. వెనకాల గోడ తెలుపూ అతికించిన తెలుపూ ఒకటి కాకపోతే ఆ గీత ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ దారి కంటే స్టూడియోలో కోయకముందు ఉన్న అసలు ఫోటోని అడిగి తెచ్చుకోవడమే మేలు. చాలా స్టూడియోలు కొంతకాలం దాన్ని దాచి ఉంచుతాయి.

అసలు ఫోటో చేతిలో ఉంటే పని చాలా తేలిక. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసిన ఫోటో 3000×4000 పిక్సెళ్లు ఉందనుకుందాం. పన్నెండు మెగాపిక్సెల్ కెమెరాలో వచ్చేది అదే. నడినెత్తి పైనుంచి 900వ గీత దగ్గర ఉంది, గడ్డం 2400వ గీత దగ్గర ఉంది. తల ఎత్తు 1500. ముక్కు మధ్యగీత ఎడమనుంచి 1480 దగ్గర ఉంది. ఇప్పుడు ఎంత చట్రం కోయాలన్నది కళ్లతో అంచనా వేయనక్కర్లేదు, తల ఎత్తే చెబుతుంది. తల చట్రంలో 65 శాతం ఉండాలనుకుంటే 1500ని 0.65తో భాగించాలి, 2308 వస్తుంది. దానికి దగ్గర్లో 20:23కి సరిగ్గా సరిపోయే కొలత 2000×2300. తల పైన చట్రంలో పదోవంతు, అంటే 230 గీతలు ఖాళీ వదిలితే చట్రం 670వ గీత దగ్గర మొదలవుతుంది. వెడల్పులో సగం 1000 కాబట్టి ఎడమ అంచు 480 దగ్గర ఉంటుంది. ముఖం చట్రంలో ముక్కాలు వంతు ఉండాలని నోటిఫికేషన్ చెబితే 0.65 బదులు 0.75 పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోవాలి.

అదే అసలు ఫోటో నుంచి 7:9 చట్రం కావాలంటే ఎత్తు దాదాపు అంతే ఉంచి 1792×2304 కోయాలి. ఏడుకీ తొమ్మిదికీ 256 చొప్పున గుణిస్తే వచ్చిన అంకెలవి. ఎడమ అంచు 584 దగ్గర, పై అంచు మళ్లీ 670 దగ్గరే. దీన్ని తగ్గిస్తే 413×531 ఒక్క గీత తేడా లేకుండా వస్తుంది. ఈ రెండు క్రాపుల్లో మారింది భుజాల పక్కనున్న ఖాళీ మాత్రమే, ముఖం రెండిట్లో ఒకటే. కంప్యూటర్‌లో ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫోటో ప్రోగ్రామ్ ఉన్న నెట్ సెంటర్ వాళ్లు ఇదంతా రెండు వరుసల్లో చేయొచ్చు:

```
magick asalu.jpg -auto-orient -crop 2000x2300+480+670 +repage -resize 400x460 -quality 90 bank.jpg
magick asalu.jpg -auto-orient -crop 1792x2304+584+670 +repage -resize 413x531 -quality 85 passport.jpg
```

ఇందులో `-auto-orient` ఊరికే పెట్టింది కాదు. ఫోన్ నిలువు ఫోటోని కొన్నిసార్లు అడ్డంగానే దాచి, "తిప్పి చూపించు" అని ఫైలులో ఒక గుర్తు పెడుతుంది. ఫోన్ ఆ గుర్తు చదివి నిలబెట్టి చూపిస్తుంది. ఫారం వెబ్‌సైటు చదవకపోతే మనిషి పడుకుని కనిపిస్తాడు, కొలతలు కూడా తారుమారవుతాయి. ముందే నిజంగా తిప్పి దాచేస్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఫోటో తీసేటప్పుడే గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఫోన్ ఫోటో నిష్పత్తి 3:4, అంటే వెడల్పు ఎత్తులో 75 శాతమే. ఇది 7:9 కంటే, 20:23 కంటే కూడా ఇరుకు. కాబట్టి ముందుగా చాలకుండా పోయేది వెడల్పే. 3000 వెడల్పున్న ఫోటోలోంచి 20:23లో గరిష్ఠంగా 3000×3450 మాత్రమే వస్తుంది. మరీ దగ్గరగా తీసి తల 2600 గీతలు ఉంటే 65 శాతానికి 4000 ఎత్తు, దాదాపు 3480 వెడల్పు కావాలి. అంత వెడల్పు ఫోటోలోనే లేదు. తల ఫోటో ఎత్తులో మూడోవంతు నుంచి సగం లోపు ఉండేంత దూరంలో నిలబడి తీస్తే ఏ ఫారం ఏ చట్రం అడిగినా కోయడానికి చోటు మిగులుతుంది. తీసిన చోటే కోసుకుందామని బిగించి తీసేవాళ్లే తర్వాత ఇరుక్కుంటారు.

సెంటీమీటర్లలో అడిగే ఫారాలు ఇంకో రకం గందరగోళం తెచ్చిపెడతాయి. 3.5 సెం.మీ. × 4.5 సెం.మీ. అని మాత్రమే రాసి డీపీఐ చెప్పకపోతే దానికి కచ్చితమైన పిక్సెల్ కొలతంటూ ఉండదు. తెర మీది ఫోటోకి సెంటీమీటర్లు లేవు, అచ్చు వేసినప్పుడే వస్తాయి. డీపీఐ అంటే ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు అచ్చవ్వాలన్న చీటీ మాత్రమే, ఫోటోలోని పిక్సెళ్లను అది పెంచదు, తగ్గించదు. సెంటీమీటర్లను 2.54తో భాగించి డీపీఐతో గుణిస్తే పిక్సెళ్లు. 3.5×4.5 సెం.మీ. 200 డీపీఐలో 276×354, 300 డీపీఐలో 413×531. ఐబీపీఎస్ వాళ్లే ఎడమ బొటనవేలి ముద్రకి 200 డీపీఐలో 240×240 పిక్సెళ్లు, అంటే 3 సెం.మీ. × 3 సెం.మీ. అని రెండూ చెబుతారు. 240ని 200తో భాగించి 2.54తో గుణిస్తే 3.05 సెంటీమీటర్లు వస్తాయి, లెక్క సరిపోయింది. డీపీఐ చెప్పని ఫారంలో మాత్రం పట్టుకోవలసింది 7:9 నిష్పత్తిని. పిక్సెళ్లు ఎన్నన్నది కేబీల హద్దును బట్టి తేల్చుకోవాలి.

ఆ కేబీల హద్దు దగ్గర పై హద్దు కంటే కింది హద్దే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 200×230 అంటే మొత్తం 46,000 పిక్సెళ్లు. అంత చిన్న ఫోటో, అందులోనూ వెనక తెల్ల గోడ ఉన్నది, మామూలు జేపెగ్ నాణ్యతలో సేవ్ చేస్తే 20 కేబీలకి బాగా తక్కువే వస్తుంది. అప్పుడు వెబ్‌సైటు ఫైలు చిన్నదంటుంది. కుర్రాడికి అర్థం కాదు, పిక్సెళ్లు సరిగ్గానే ఉన్నాయి కదా అని. దీనికి రెండు దారులున్నాయి. నాణ్యతను 95 దాకానో ఆ పైకో పెంచి సేవ్ చేయడం ఒకటి. రెండోది అంతకంటే మంచిది. ఆ నిబంధనలో 200×230 పక్కన preferred అని రాసి ఉంటుంది, అంటే అది కోరుకునే కొలత, తప్పనిసరి కొలత కాదు. అలాంటి చోట నిష్పత్తి చెడకుండా రెండింతలు చేసి 400×460 పెడితే పిక్సెళ్లు నాలుగింతలై 20 నుంచి 50 కేబీల మధ్య ఫైలు సులువుగా ఒదుగుతుంది, అడ్మిట్ కార్డు మీద ముఖం కూడా తేటగా ఉంటుంది. అందుకే పైన ఇచ్చిన మొదటి వరుసలో 400×460 ఉంది. కొలత కచ్చితంగా ఇంతే ఉండాలని రాసిన ఫారానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు, అక్కడ నాణ్యతే పెంచాలి.

సంతకం దగ్గర ఇదే చిక్కు ఇంకా గట్టిగా తగులుతుంది. ఐబీపీఎస్ సంతకానికి చెప్పేది 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీలు. మొత్తం 8,400 పిక్సెళ్లకి పది కేబీలంటే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు పది బిట్లు. తెల్ల కాగితం మీద నాలుగు గీతలున్న బొమ్మకి జేపెగ్‌లో అంత బరువు రావడం చాలా కష్టం. నిష్పత్తి 7:3 అలాగే ఉంచి మూడింతలు చేసి 420×180 పెడితే బరువు హద్దులోకి తేవడం సాధ్యమవుతుంది. ఇంటిపేరుతో సహా పొడుగ్గా సంతకం చేసేవాళ్లు కాగితం మీదే ముందు 7:3 గడి, ఉదాహరణకి 7 సెంటీమీటర్లకి 3 సెంటీమీటర్లు, పెన్సిల్‌తో గీసుకుని దాని లోపల నల్ల ఇంకుతో పెట్టాలి. తర్వాత ఆ పెన్సిల్ గీత కనబడకుండా కొంచెం లోపలికి కోస్తే నిష్పత్తి కోసం మళ్లీ తడుముకోనక్కర్లేదు.

కేబీలను హద్దు అంచున వదలకూడదు. కొన్ని చోట్ల కేబీ అంటే 1000 బైట్లు, కొన్ని చోట్ల 1024. కంప్యూటర్‌లో 50 కేబీలని కనిపించిన ఫైలు వెయ్యి చొప్పున లెక్కిస్తే 51,200 బైట్లు, హద్దు దాటేసింది. 20–50 మధ్య అడిగితే 30–40 దగ్గర నిలపడం క్షేమం. విండోస్ Properties లో Size పక్కనే Size on disk అని కూడా ఉంటుంది. చూడాల్సింది మొదటిది. రెండోది డిస్కు మీద ఆక్రమించిన చోటు, కాస్త ఎక్కువే చూపిస్తుంది.

ఇక ఫోటో చేతులు మారే దారి కూడా చెప్పుకోవాలి. స్టూడియో నుంచి వాట్సాప్‌లో మామూలు ఫోటోగా వస్తే అది దారిలోనే చిన్నదైపోయి, నాణ్యత కూడా తగ్గి వస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమని అడిగితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. అచ్చు కాపీని ఫోన్‌తో ఫోటో తీసి వాడితే ఇంకా నష్టం. ఆ కాపీలు కత్తెరతో కోసినవి కాబట్టి నిష్పత్తి 7:9 ఉండకపోవచ్చు. ఫోన్ కాస్త వంచి పట్టుకుంటే చట్రం పైన ఒక వెడల్పు, కింద ఒక వెడల్పుగా పడుతుంది, కాగితం మెరుపు ముఖం మీద తెల్లమచ్చగా కూర్చుంటుంది. చిన్నదాన్ని పెద్దది చేసినా ఫలితం ఉండదు. బ్యాంకు ఫారం కోసం 200×230కి తగ్గించిన ఫోటోని రేపు 630×810 అడిగే పాస్‌పోర్టు ఫారానికి వాడాలని పెంచితే, కొలత సరిపోతుంది గానీ ముఖం మసకబారుతుంది. ఆ 630×810 కూడా 7:9 నిష్పత్తే కాబట్టి పైన అసలు ఫోటోలోంచి కోసిన 1792×2304నే తగ్గిస్తే నేరుగా వస్తుంది. కాకపోతే పాస్‌పోర్టు వాళ్లు ముఖం చట్రంలో ఇంకా పెద్దదిగా ఉండాలంటారు, కాబట్టి 0.65 లెక్కను మార్చి మళ్లీ కోయాలి.

అందుకని ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో కోయని అసలు ఫోటోని ఉంచి, దాని పేరుతోపాటే తల పైగీత, గడ్డం గీత, ముక్కు మధ్యగీత అంకెలు రాసి పెట్టుకోవాలి. కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడు అందులో ఫోటో నిబంధనలున్న పేజీ తెరిచి, వెడల్పుని ఎత్తుతో భాగించి, ఆ నిష్పత్తికి అసలు ఫోటోలోంచి కొత్తగా కోయాలి. పోయినేడాది ఫారానికి సరిపోయిందని అదే ఫైలు పెట్టకూడదు, నిబంధనలు మారి ఉండొచ్చు. అప్‌లోడ్ అయ్యాక ఫారం చూపించే ప్రివ్యూలో ముఖాన్ని అసలు ఫోటో పక్కన పెట్టి చూసి, చెవి నుంచి చెవికీ నడినెత్తి నుంచి గడ్డానికీ ఉన్న నిష్పత్తి అదేనని తేలాకే ఫైనల్ సబ్మిట్ నొక్కాలి.